రీరన్ నొక్కితే పాసయ్యే టెస్టు

హైదరాబాద్‌లో ఒక ప్రోగ్రామర్ పగలు ఎన్నిసార్లు నడిపినా పాసయ్యే టెస్టు, అర్ధరాత్రి దాటాక నడిపితే ఫెయిలవుతుంది. తెల్లారి ఆరింటికి మళ్ళీ నడిపితే పాసవుతుంది. ఈ మధ్యలో కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. మన దేశంలో పని చేసే ప్రోగ్రామర్లకు ఇలాంటి టెస్టులు కొత్తేమీ కాదు. కారణం వెతుక్కుంటూ పోతే అది చాలాసార్లు తేదీ దగ్గర తేలుతుంది.

బస్సు టికెట్లు అమ్మే వెబ్‌సైటు ఒకటి ఉందనుకుందాం. టికెట్ బుక్ అయినప్పుడు అది తేదీని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో, అంటే యూటీసీలో రాసుకుంటుంది. 'ఈరోజు బుకింగులు' చూపించే పేజీ మాత్రం కంప్యూటర్‌లో ఉన్న మన తేదీ ప్రకారం వెతుకుతుంది. మన గడియారం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ 15వ తేదీ మొదలై ఒంటిగంట అయ్యేసరికి, యూటీసీలో ఇంకా 14వ తేదీ రాత్రి ఏడున్నరే. టెస్టు చేసే పని చిన్నది: ఒక టికెట్ కొంటుంది, ఈరోజు జాబితాలో అది ఉందో లేదో చూస్తుంది. రాత్రి 12 నుంచి 5:30 దాకా ఆ జాబితా ఖాళీగా వస్తుంది. మిగతా రోజంతా రెండు తేదీలూ ఒకటే కాబట్టి టెస్టు పాసవుతుంది. కంపెనీ టెస్టులు నడిపే సర్వర్ గడియారం యూటీసీలోనే ఉంటే అక్కడ అసలు ఎప్పుడూ ఫెయిలవదు. అందుకే రాత్రి ఫెయిలైందని చెప్పినవాళ్ళ మాట ఎవరూ నమ్మరు.

కానీ ఆ టెస్టు నిజమే చెప్పింది. రాత్రి ఒంటిగంటకు టికెట్ కొన్న ప్రయాణికుడికి కూడా తన బుకింగ్ ఆ పేజీలో కనిపించదు.

ప్రోగ్రామ్ సరిగా పని చేస్తోందో లేదో చూడటానికి రాసే మరో చిన్న ప్రోగ్రామే ఆటోమేటెడ్ టెస్టు. ఒక మోస్తరు కంపెనీలో ఇవి వేలల్లో ఉంటాయి. ఎవరు కోడ్ మార్చినా అన్నీ నడుస్తాయి. అన్నీ పాసైతే పచ్చ గుర్తు, ఒక్కటి ఫెయిలైనా ఎర్ర గుర్తు. కోడ్ మారకుండానే ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు చూపించే టెస్టును ఈ రంగంలో ఫ్లేకీ టెస్టు అంటారు. ఇది చిన్న కంపెనీలకే పరిమితమైన చిక్కు కాదు. గూగుల్‌లో టెస్టింగ్ వ్యవస్థల మీద పని చేసిన జాన్ మిక్కో 2016లో తమ కంపెనీ లెక్కలు బయటపెట్టారు. అక్కడి టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ లక్షణం ఉంది. అంతకన్నా ఆలోచింపజేసేది ఇంకో అంకె. అంతవరకూ పాసవుతూ వచ్చిన టెస్టు ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం ఫ్లేకీ టెస్టులవే. ఎర్ర గుర్తు కనబడగానే 'ఇది మామూలే' అనుకునే అలవాటు మంచి ఇంజినీర్లకు కూడా ఎందుకు అబ్బుతుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఆ బస్సు వెబ్‌సైటులోనే ఇంకాస్త లోపలికి వెళదాం. బస్సులో ఒక్క సీటే మిగిలింది. ఇద్దరు ప్రయాణికులు ఒకేసారి బుక్ బటన్ నొక్కారు. ఒకరికే టికెట్ రావాలి. గో భాషలో రాసిన ఆ ముక్క ఇలా ఉంది:

```go
func (b *Bus) Book() bool {
    if b.Seats > 0 {
        b.Seats--
        return true
    }
    return false
}
```

చదివితే తప్పేమీ కనబడదు. సీట్లు సున్నా కన్నా ఎక్కువుంటే ఒకటి తగ్గించి సరే అంటుంది, లేకపోతే కాదంటుంది. టెస్టు ఒకే సీటున్న బస్సును తయారుచేసి, రెండు గోరూటీన్లతో, అంటే పక్కపక్కనే నడిచే రెండు పనులతో, `Book`ను ఒకేసారి పిలుస్తుంది. చివరికి ఎంతమందికి టికెట్ వచ్చిందో లెక్కపెడుతుంది. ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో వందసార్లు నడిపినా పాసే. కంపెనీ సర్వర్‌లో మాత్రం ఎప్పుడో ఒకసారి ఈ వరుస కనబడుతుంది:

```
booked = 2, want 1
```

ఒక్క సీటుకు రెండు టికెట్లు. జరిగిందేమిటంటే, మొదటి పని 'సీటు ఉందా' అని చూసింది, ఉంది. అది సీటు తగ్గించేలోపు రెండో పని కూడా వచ్చి అదే ప్రశ్న వేసింది. సంఖ్య ఇంకా 1గానే ఉంది కాబట్టి దానికీ 'ఉంది' అనే జవాబే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ చెరొకటి తగ్గించుకున్నారు. చూడటానికీ తగ్గించటానికీ మధ్య ఉన్న ఆ సందు సెకనులో కోట్ల వంతుల్లో ఉంటుంది. రెండో పని సరిగ్గా ఆ సందులో అడుగుపెడితేనే తప్పు బయటపడుతుంది. ఎవరు ముందు చేరుతారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయే ఈ స్థితినే రేస్ కండిషన్ అంటారు. ల్యాప్‌టాప్‌లో మొదటి పని ముగిశాక గానీ రెండోది మొదలవకపోవచ్చు. సర్వర్‌లో కోర్ల సంఖ్య వేరు, పక్కన నడిచే పనుల ఒత్తిడి వేరు. అక్కడ ఆ సందు దొరికే అవకాశం పెరుగుతుంది.

దీన్ని పట్టుకోవటానికి తప్పు జరిగేదాకా కాచుకుని కూర్చోనక్కరలేదు. గో భాషలో రేస్ డిటెక్టర్ అనే పరికరం ఉంది. గూగుల్ ఇంజినీర్లు తయారుచేసిన థ్రెడ్‌శానిటైజర్ దీనికి ఆధారం. టెస్టును ఇలా నడపాలి:

```
go test -race -run TestLastSeat -count=100
```

ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మెమరీలో ఏ గది ఎవరు చదివారు, ఎవరు రాశారు అన్నది ఈ పరికరం గమనిస్తూ ఉంటుంది. ఒకే గదిని రెండు పనులు ముట్టుకుని, అందులో కనీసం ఒకటి రాతపని అయి, 'ఇది అయ్యాకే అది' అని చెప్పే ఏర్పాటేదీ వాటి మధ్య లేకపోతే `WARNING: DATA RACE` అని అరుస్తుంది. చదివింది ఏ ఫైలులో ఏ వరుసో, రాసింది ఏ వరుసో రెండూ చూపిస్తుంది. ఆ పరుగులో లెక్క సరిగ్గా 1 వచ్చినా సరే, హెచ్చరిక రావచ్చు. దీనికి ఖరీదు ఉంది: మెమరీ అయిదు నుంచి పది రెట్లు, సమయం రెండు నుంచి ఇరవై రెట్లు పెరగవచ్చు. పైగా టెస్టులో నిజంగా నడిచిన కోడ్‌నే అది చూడగలదు. నడవని దారిలో దాగిన లోపం దానికి తెలియదు.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు ముందే ఆగిపోతారు. హెచ్చరిక చూసిన ప్రోగ్రామర్, లాక్ పెడితే సరి అనుకుని ఇలా మార్చాడనుకుందాం:

```go
b.mu.Lock()
free := b.Seats > 0
b.mu.Unlock()
if free {
    b.mu.Lock()
    b.Seats--
    b.mu.Unlock()
    return true
}
return false
```

ఇప్పుడు రేస్ డిటెక్టర్ నోరు మెదపదు. సంఖ్యను ముట్టుకున్న ప్రతిసారీ లాక్ ఉంది కదా, దాని దృష్టిలో అంతా సవ్యమే. లోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. చూశాక లాక్ వదిలేసి, తగ్గించటానికి మళ్ళీ పట్టుకుంటున్నారు; ఆ మధ్య సందు అలాగే ఉంది, నిజానికి ఇంకాస్త వెడల్పైంది. మెమరీ గది మీద జరిగే పోటీ వేరు, 'చూడటం, తగ్గించటం' అనే రెండడుగులు విడిపోవటం వేరు. పరికరం మొదటిదాన్ని మాత్రమే పట్టగలదు. రెండోదాన్ని మనిషే చదివి పట్టాలి.

అనుభవం ఉన్నవాళ్ళు ఇక్కడ చేసే పని ఒకటుంది. అనుమానం ఉన్న చోట, అంటే చూడటానికీ తగ్గించటానికీ మధ్య, తాత్కాలికంగా ఒక వరుస దూరుస్తారు: `time.Sleep(10 * time.Millisecond)`. కోట్ల వంతుల్లో ఉన్న సందు సెకనులో నూరో వంతుకు సాగుతుంది. ఇన్నాళ్ళూ ఎప్పుడో ఒకసారి ఫెయిలైన టెస్టు ఇప్పుడు దాదాపు ప్రతిసారీ ఫెయిలవుతుంది. అనుమానం రుజువైనట్టే. అప్పుడు లాక్‌ను మొదట్లోనే పట్టుకుని, తగ్గించటం కూడా పూర్తయ్యాకే వదిలేలా మారుస్తారు. ఆ పది మిల్లీసెకన్ల వరుస లోపలే ఉన్నా టెస్టు ఇక ఒక్కసారి కూడా ఫెయిలవకపోతే, మరమ్మతు సరైనదని ధైర్యంగా చెప్పవచ్చు. ఆపైన ఆ వరుస తీసేస్తారు.

నిజమైన టికెట్ల సైటులో సీట్ల సంఖ్య డేటాబేస్‌లో ఉంటుంది, సర్వర్లు ఒకటికి నాలుగుంటాయి. ఒక సర్వర్ మెమరీలో పెట్టిన లాక్ పక్క సర్వర్‌ను ఆపలేదు, రేస్ డిటెక్టర్ కూడా అంత దూరం చూడలేదు. అందుకే అక్కడ చూడటం, తగ్గించటం రెండూ ఒకే ఆదేశంలో డేటాబేస్‌కే అప్పగిస్తారు:

```sql
UPDATE bus SET seats = seats - 1
WHERE id = 42 AND seats > 0;
```

ఒక వరుస మారిందని డేటాబేస్ చెబితే సీటు దొరికింది, సున్నా అంటే అయిపోయింది.

అప్పుడప్పుడూ వచ్చే తప్పును కావాలన్నప్పుడు రప్పించగలగటం ఎంత ముఖ్యమో, 1986లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి చూపించింది. టైలర్ పట్టణంలోని క్యాన్సర్ కేంద్రంలో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఉండేది. మార్చి 21న ఒక రోగికి ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అన్న సందేశం తప్ప వేరే ఆధారం లేదు. తయారీ సంస్థ ఇంజినీర్లు వచ్చి పరీక్షించారు, వాళ్ళ చేతిలో ఆ తప్పు రాలేదు. యంత్రాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. ఏప్రిల్ 11న రెండో రోగికి అదే జరిగింది. ఇద్దరూ చనిపోయారు.

ఆసుపత్రిలోని భౌతిక శాస్త్ర నిపుణుడు ఫ్రిట్జ్ హేగర్, యంత్రం నడిపిన ఆపరేటర్‌ను పక్కన పెట్టుకుని, ఆమె ఆరోజు ఏయే కీలు నొక్కిందో గుర్తుచేసుకుంటూ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. అసలు సంగతి వేగంలో ఉందని తేలింది. ఆమె ఎలక్ట్రాన్ కిరణానికి బదులు పొరపాటున ఎక్స్-రే అని కొట్టి, వెంటనే పైకి వెళ్ళి సరిదిద్దింది. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవటానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలోపు చేసిన దిద్దుబాటు తెర మీద కనబడింది, సాఫ్ట్‌వేర్‌లోని మరో భాగానికి మాత్రం చేరలేదు. రోజూ అదే పని చేసి చేయి తిరిగిన మనిషి కాబట్టి ఆమె అంత వేగంగా కొట్టగలిగింది. నెమ్మదిగా, జాగ్రత్తగా కొట్టి చూసినవాళ్ళకు ఆ తప్పు ఎప్పటికీ రాదు. టెస్టు 'నా దగ్గర పాసవుతోంది' అనే ప్రతివాళ్ళూ ఈ ఘటనను తెలుసుకోవాలి. తమ దగ్గర రాకపోవటం, తమ పరిస్థితులు వేరని మాత్రమే చెబుతుంది.

రేస్ కండిషన్లు భయపెట్టేవే, కానీ ఫ్లేకీ టెస్టుల్లో ఎక్కువ వాటా వాటిది కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అపాచీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టులకు చేసిన 201 మరమ్మతులను పరిశీలించారు. కారణం తేలినవాటిలో దాదాపు 45 శాతం ఒకే కోవకు చెందినవి: ఏదో పని వెనక నడుస్తుంటే, అది పూర్తయ్యేదాకా టెస్టు సరిగా ఆగకపోవటం.

మన బస్సు సైటులో టికెట్ కొనగానే ఎస్సెమ్మెస్ వెనకాల విడిగా వెళుతుంది. టెస్టు టికెట్ కొని, 100 మిల్లీసెకన్లు నిద్రపోయి, సందేశం వెళ్ళిందా అని చూస్తుంది. రాసినవాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఆ పని 20 మిల్లీసెకన్లలో అయిపోతే వంద ధారాళంగా చాలనిపిస్తుంది. సర్వర్‌లో పది టెస్టుల మూటలు ఒకేసారి నడిచే సమయంలో అదే పనికి 130 పడితే టెస్టు ఫెయిల్. అప్పుడు అందరికీ తట్టే ఉపాయం వందను 500 చేయటం. దానివల్ల ఫెయిళ్ళు అరుదవుతాయి, ఆగవు. అలాంటి టెస్టులు నాలుగు వందలుంటే ఒకదాని తర్వాత ఒకటి నడిచేటప్పుడు మూడు నిమిషాలకు పైగా వట్టి నిద్రకే పోతుంది. సరైన పద్ధతి, ఎస్సెమ్మెస్ పంపే భాగమే 'అయింది' అని కబురు చెప్పేలా చేసి, టెస్టు ఆ కబురు కోసం ఎదురుచూడటం:

```go
select {
case <-sent:
case <-time.After(5 * time.Second):
    t.Fatal("SMS not sent")
}
```

ఇక్కడ 5 సెకన్లు గరిష్ఠ గడువు మాత్రమే. పని 20 మిల్లీసెకన్లలో అయితే టెస్టు కూడా వెంటనే ముందుకు కదులుతుంది. ఈ రెండింటి తేడా తెలిసిన ప్రోగ్రామర్, కోడ్ సమీక్షలో టెస్టు మధ్య ఉత్త `Sleep` కనబడితే అక్కడే ఆగి ఎందుకని అడుగుతాడు.

మూడో దోషి అందరూ వాడుకునే ఉమ్మడి వస్తువు. సంక్రాంతి స్పెషల్ బస్సుకు చార్జీ ఒకటిన్నర రెట్లు వేయాలని ఒక టెస్టు పరీక్షిస్తుంది. దానికోసం ప్రోగ్రామ్ అంతటికీ ఉమ్మడిగా ఉన్న `surge` అనే విలువను 1.5 చేస్తుంది, పనయ్యాక తిరిగి 1కి మార్చడం మరచిపోతుంది. మామూలు చార్జీ 600 రావాలని చూసే టెస్టు దానికన్నా ముందు నడిస్తే పాసవుతుంది, తర్వాత నడిస్తే 900 వచ్చి ఫెయిలవుతుంది. అక్కడ ఫెయిలైన టెస్టులో తప్పేమీ లేదు. ఎంతసేపు దాన్ని చదివినా ఏమీ దొరకదు. విడిగా ఒక్కదాన్నే నడిపితే పాసవుతుంది, అందరితో కలిపి నడిపితే ఫెయిలవుతుంది. ఉమ్మడి వస్తువు చిక్కుకు అదే గుర్తు.

ఇలాంటివి ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండగలవు, ఎందుకంటే టెస్టులు సాధారణంగా ఒకే వరుసలో నడుస్తాయి. 2011లో జావా 7 వచ్చినప్పుడు, ఒక క్లాసులోని పద్ధతుల పేర్లను జావా అందించే క్రమం మారింది. జేయూనిట్ అప్పట్లో ఆ క్రమంలోనే టెస్టులు నడిపేది. అంతకుముందు హాయిగా పాసైన టెస్టులు ఎన్నోచోట్ల ఫెయిలవటం మొదలైంది. జావాలో తప్పు లేదు. ఆ క్రమం ఫలానాలా ఉంటుందని అది ఎన్నడూ మాట ఇవ్వలేదు. ఆ తర్వాత వచ్చిన జేయూనిట్ 4.11 క్రమాన్ని స్థిరపరచింది.

క్రమం మీద ఆధారపడిన టెస్టులను ముందే బయటికి లాగటానికి దారి, కావాలనే క్రమాన్ని కలిపేయటం. గోలో `go test -shuffle=on` అంటే టెస్టులు ఏదో ఒక యాదృచ్ఛిక వరుసలో నడుస్తాయి. ఆ వరుసకు మూలమైన సంఖ్యను అది తెర మీద ముద్రిస్తుంది. ఫెయిలైతే అదే సంఖ్యను `-shuffle=`కు ఇచ్చి అచ్చంగా అదే వరుసను మళ్ళీ రప్పించవచ్చు. ఆ సంఖ్యను లాగ్‌లో దాచుకోకపోతే ఈ సౌకర్యమంతా వృథా. వరుస చేతికొచ్చాక దోషిని వెతకటం తేలిక: ఫెయిలైన టెస్టుకు ముందు 400 టెస్టులు నడిచి ఉంటే, వాటిలో సగాన్ని మాత్రమే ముందుంచి నడపాలి. ఫెయిలైతే దోషి ఆ సగంలో ఉంది, పాసైతే రెండో సగంలో. ఇలా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే తొమ్మిది సార్లలో ఆ ఒక్కటీ దొరుకుతుంది. మరమ్మతుకు `t.Cleanup`లో పాత విలువ తిరిగి పెట్టటం ఒక మార్గం. అంతకన్నా మేలైనది, ఆ విలువను ఉమ్మడిగా ఉంచకుండా చార్జీ లెక్కించే పద్ధతికే నేరుగా ఇవ్వటం.

ఇంత శ్రమ ఎందుకు, మూడుసార్లు నడిపి ఒక్కసారి పాసైతే పాసే అనుకుందాం అనే కంపెనీలున్నాయి. చాలా టూళ్ళలో ఆ సదుపాయం ఉంది కూడా. దాని అర్థమేమిటో లెక్క వేసి చూడాలి. ఒకే సీటుకు రెండు టికెట్లు ఇచ్చే లోపం టెస్టులో పదిసార్లలో ఒకసారి బయటపడుతోందనుకుందాం. మూడు ప్రయత్నాలూ ఫెయిలైతేనే ఎర్ర గుర్తు అంటే, ఆ లోపం ఇక వెయ్యిలో ఒకసారే కనబడుతుంది. లోపం ఉన్నది ఉన్నట్టే ఉంది, కనబడే అవకాశం వంద రెట్లు తగ్గింది. రోజుకు లక్ష టికెట్లు అమ్మే సైటులో ప్రయాణికులకు మాత్రం ఆ తగ్గింపు వర్తించదు.

ఆ సదుపాయం పెద్ద కంపెనీలకు ఎందుకు అవసరమవుతుందో కూడా లెక్కే చెబుతుంది. ఒక్కో టెస్టూ వెయ్యిలో ఒకసారే కారణం లేకుండా ఫెయిలవుతుందనుకున్నా, వెయ్యి టెస్టులు కలిపి నడిపితే అన్నీ పచ్చగా వచ్చే అవకాశం 37 శాతమే. పని ఆగకుండా రీరన్ చేయటం తప్పు కాదు. రీరన్‌లో పాసైందని మొదటి ఫెయిల్‌ను చెరిపేయటం తప్పు. ఆ ఫెయిల్ ఏ సమయంలో, ఏ యంత్రంలో, ఏ వరుసలో వచ్చిందో నమోదై, దానికి ఒక మనిషి బాధ్యుడై ఉండాలి.

మరమ్మతు అయిందని ఎప్పుడు నమ్మాలన్నదానికీ కొలత ఉంది. వందలో ఒకసారి ఫెయిలయ్యే టెస్టును సరిదిద్ది, పదిసార్లు నడిపి పాసైందంటే ఏమీ తేలనట్టే. సరిదిద్దకపోయినా పదిసార్లు వరసగా పాసయ్యే అవకాశం 90 శాతం ఉంది. దాదాపు 300 సార్లు వరసగా పాసైతేనే, అది కేవలం అదృష్టమయ్యే అవకాశం 5 శాతం కిందికి దిగుతుంది. `-count=300` అని టైపు చేయటానికి పట్టేది రెండు సెకన్లే. ఈ రంగంలో ఉన్నవాళ్ళు 'సరిచేశాం' అని రాసేముందు ఆ రెండు సెకన్లు వెచ్చించండి.